తక్కువ స్టైపెండ్ ఇంటర్న్‌షిప్‌కి ఇంట్లో ఎలా ఒప్పించాలి: మూడు దారుల పోలిక

చదువు పూర్తయ్యాక చాలామంది ముందు మూడు దారులు కనిపిస్తాయి. ఒకటి, చదివిన రంగంలోనే ఇంటర్న్‌షిప్. పని బాగుంటుంది, ఇచ్చే డబ్బు మాత్రం నెల ఖర్చుకు కూడా చాలదు. రెండోది, చదువుతో సంబంధం లేని ఉద్యోగం, కస్టమర్ సపోర్ట్ లాంటిది. మొదటి నెల నుంచే జీతం వస్తుంది. మూడోది, ఫీజు కట్టి ఏదో ఒక కోర్సులో చేరి, అది చేస్తూ ఉద్యోగం వెతుక్కోవడం. పిల్లలకు మొదటిది కావాలి, అమ్మానాన్నలకు రెండోది కావాలి. ఇద్దరికీ కుదరక మూడోదానికి ఒప్పుకునే ఇళ్ళు చాలానే ఉన్నాయి. మూడింటిలో ఖరీదైన దారి అదేనని కిందున్న లెక్క చూస్తే తెలుస్తుంది.

నేను పనిచేసేది ఎలక్ట్రానిక్ బోర్డులు డిజైన్ చేసే చోట. కొత్తగా వచ్చిన ఇంటర్న్‌లకు పని నేర్పించడం నా ఉద్యోగంలో ఒక భాగం. అప్పుడప్పుడు వాళ్ళ నాన్నో అమ్మో నాతో మాట్లాడతామని అడుగుతారు. ఆ మాటల్లో నాకు అర్థమైందేమిటంటే, వాళ్ళు అడిగేవాటిలో చాలావరకు సరైన ప్రశ్నలే. పిల్లల దగ్గర వాటికున్న జవాబు మాత్రం "ఎక్స్‌పీరియన్స్ వస్తుంది" అన్న ఒక్క ముక్కే. ఆ ముక్కతో ఏ తండ్రీ నిశ్చింతగా ఉండలేడు. ఏం నేర్చుకుంటారు, ఎన్ని నెలలు, ఎంత ఖర్చు, కుదరకపోతే ఏం చేస్తారు? ఈ నాలుగూ చెప్పగలిగితే ఇంట్లో వాదన సగం తగ్గుతుంది. చెప్పలేకపోతే ఆ ఇంటర్న్‌షిప్ గురించి మీకే ఇంకా సరిగ్గా తెలియదన్నమాట.

ముందు డబ్బు సంగతి

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఎలక్ట్రానిక్స్ చదివిన ఒక అమ్మాయికి బోర్డులు తయారుచేసే చిన్న కంపెనీలో 6 నెలల ఇంటర్న్‌షిప్ దొరికింది. అదే ఊళ్ళో కస్టమర్ సపోర్ట్ ఉద్యోగం కూడా వచ్చింది. ఆ ఊళ్ళో ఒక మనిషి గది, తిండి, ప్రయాణం కలిపి పొదుపుగా బతకడానికి నెలకయ్యే ఖర్చును 100 అనుకుందాం. ఇది రూపాయలో డాలర్లో కాదు, కొలత మాత్రమే. మీ ఖర్చు ఎంతైతే దాన్ని ఆ 100 స్థానంలో పెట్టుకోండి. ఈ కొలతలో స్టైపెండ్ 60, సపోర్ట్ ఉద్యోగం జీతం 150 అనుకుందాం.

ఇంటర్న్‌షిప్‌లో నెలకు 40 తక్కువ పడుతుంది. 6 నెలలకు 240. ఇంట్లోవాళ్ళు నిజంగా జేబులోంచి తీసి పంపాల్సింది ఇదే. ఉద్యోగంలో నెలకు 50 మిగులుతుంది, 6 నెలలకు 300. ఇంటర్న్‌షిప్‌కి వెళ్తే ఈ 300 రాకుండా పోతుంది. రెండూ కలిపితే తేడా 540, అంటే ఐదు నెలల పైచిలుకు బతుకు ఖర్చు.

చాలామంది పిల్లలు 240 గురించే చెబుతారు, అమ్మానాన్నల మనసులో ఉండేది 540. ఇద్దరూ వేర్వేరు అంకెలు తలలో పెట్టుకుని వాదించుకుంటారు కాబట్టి మాట తెగదు. అందుకే 540 అన్న పెద్ద అంకెను మీరే ముందు చెప్పేయండి. "నాన్నా, దీనివల్ల మనకు పోయేది 240 కాదు, అన్నీ కలిపితే 540" అని కూతురే అన్నాక, తండ్రి ఇక లెక్కలో తప్పులు వెతకడు. "సరేనమ్మా, ఆ 540 తిరిగి ఎప్పుడొస్తుంది?" అని అడుగుతాడు. మాట రావాల్సింది ఆ ప్రశ్న దగ్గరికే.

ఎప్పుడొస్తుంది? ఆ ఊళ్ళో బోర్డు డిజైన్‌లో కొత్తవాళ్ళకు ఇచ్చే జీతం 220 అనుకుందాం. సపోర్ట్ ఉద్యోగం కంటే నెలకు 70 ఎక్కువ. ఇంటర్న్‌షిప్ అవగానే అలాంటి ఉద్యోగం దొరికితే 540 పూడటానికి దాదాపు 8 నెలలు పడుతుంది. వెంటనే దొరక్క 3 నెలలు ఖాళీగా వెతకాల్సి వస్తే, ఆ 3 నెలల్లో రాకుండా పోయిన జీతం 450 కూడా కలిసి తేడా 990 అవుతుంది. అది పూడటానికి 14 నెలలు కావాలి. అసలు ఆ రంగంలో ఉద్యోగమే దొరక్కపోతే 990 నష్టమే, తిరిగి రాదు. ఈ చివరి మాట కూడా ఇంట్లో చెప్పాలి. చెప్పకుండా దాస్తే, ఆ తర్వాత మీరు చెప్పిన మంచి మాటలు కూడా ఎవరూ నమ్మరు.

ఇక కోర్సు సంగతి. 4 నెలల కోర్సుకు ఫీజు 200 అనుకుందాం. ఆ 4 నెలలూ సంపాదన లేదు కాబట్టి ఉద్యోగం జీతం 600 పోతుంది. మొత్తం 800. అంటే 6 నెలల ఇంటర్న్‌షిప్ కంటే 4 నెలల కోర్సుకే ఎక్కువ ఖర్చు. అది అయ్యాక కూడా ఉద్యోగం వెతుక్కోవడం మొదటి నుంచి మొదలవుతుంది. అయినా ఇళ్ళల్లో కోర్సుకు సులువుగా ఒప్పుకుంటారు. ఫీజు కట్టడం చదువులా కనిపిస్తుంది, తక్కువ జీతానికి పనిచేయడం అవమానంలా కనిపిస్తుంది. తల్లిదండ్రుల ఆలోచనలో నేను ఒప్పుకోలేనిది ఇదొక్కటే.

ఒక జాగ్రత్త. పైలెక్కలో మూడు దారులూ ఒకే ఊళ్ళో ఉన్నాయి, కాబట్టి బతుకు ఖర్చు మూడింటికీ ఒకటే. సపోర్ట్ ఉద్యోగం ఇంటి దగ్గరే దొరికి, ఇంటర్న్‌షిప్‌కి మాత్రం వేరే ఊరు వెళ్ళాల్సి వస్తే, 6 నెలల ఖర్చు 600 కూడా కలిసి తేడా 1140కి చేరుతుంది. అప్పుడు ఇదే ఇంటర్న్‌షిప్ బలమైన ఎంపిక కాకపోవచ్చు. మీ అంకెలతో మళ్ళీ లెక్క వేసుకోవాలి.

ఆ డబ్బుకు బదులుగా వచ్చేది ఏమిటి

540 ఇచ్చి ఏం కొంటున్నామో చెప్పలేకపోతే పైలెక్కంతా దండగ. అందుకే ఈ భాగం కొంచెం వివరంగా చెబుతాను. నాకు తెలిసిన పని ఎలక్ట్రానిక్స్ కాబట్టి ఉదాహరణ అక్కడిదే.

కాలేజీలో ఆ అమ్మాయి సర్క్యూట్లు గీసింది, పరీక్షలు రాసింది, తయారుగా దొరికే బోర్డు మీద ఒక ప్రాజెక్టు చేసింది. ఇంటర్న్‌షిప్ మొదటి వారంలో ఆమె ముందు పెట్టేది కంపెనీ సొంతంగా డిజైన్ చేసి, భాగాలు అతికించి తెప్పించిన కొత్త బోర్డులు. వాటికి ఇంతవరకు ఎవరూ కరెంటు ఇవ్వలేదు. అలాంటి బోర్డుకు మొదటిసారి కరెంటు ఇచ్చి నడిపించడాన్ని బ్రింగప్ అంటారు. ముందు మల్టీమీటర్‌తో పవర్ లైన్లకూ గ్రౌండ్‌కూ మధ్య షార్ట్ ఉందేమో చూడాలి. తర్వాత కరెంటుకు పరిమితి పెట్టిన పవర్ సప్లై నుంచి నెమ్మదిగా ఇవ్వాలి, లేకపోతే ఎక్కడో ఒక తప్పు ఉంటే బోర్డు కాలిపోతుంది. ఒక్కో వోల్టేజీ కొలవాలి, క్లాక్ ఆడుతుందో లేదో ఆసిలోస్కోపులో చూడాలి, ఆ తర్వాతే ప్రోగ్రామ్ ఎక్కించాలి. ఏ బోర్డులో ఏ విలువ వచ్చిందో ఒక షీట్‌లో రాయాలి. వినడానికి గుమాస్తా పనిలా ఉంటుంది. ఈ వరస తెలియనివాళ్ళ చేతికి ఏ కంపెనీ కూడా ఖరీదైన బోర్డు ఇవ్వదు.

రెండో నెలలో కొన్ని బోర్డులు రేడియో ఆన్ అయిన ప్రతిసారీ రీసెట్ అవుతున్నాయనుకుందాం. ఆమె ఆసిలోస్కోపు పెట్టి చూస్తే, రేడియో సిగ్నల్ పంపే క్షణంలో వోల్టేజీ ఒక్కసారిగా పడిపోతోంది. డ్రాయింగ్‌లో అక్కడ కరెంటును కాస్త నిల్వ ఉంచి వోల్టేజీ పడిపోకుండా చూసే 10 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఉంది, లెక్క ప్రకారం అది చాలాలి. కారణం ఆ కెపాసిటర్ తయారీదారు ఇచ్చే డేటాషీట్‌లోని ఒక గ్రాఫ్‌లో దొరుకుతుంది. చిన్న సైజు సిరామిక్ కెపాసిటర్లలో చాలా రకాలకు డీసీ వోల్టేజీ ఇవ్వగానే కెపాసిటెన్స్, అంటే ఆ నిల్వ సామర్థ్యం, తగ్గిపోతుంది, కొన్నిసార్లు సగం కూడా మిగలదు. డ్రాయింగ్‌లో 10 అని రాసి ఉన్నా అక్కడ పనిచేసేది 4 లేదా 5 మాత్రమే. కొంచెం పెద్ద సైజుది, ఎక్కువ వోల్టేజీ రేటింగ్ ఉన్నది వేస్తే సమస్య పోతుంది. ఆమె మార్పు చేసి, పది బోర్డుల మీద పరీక్షించి, ముందూ తర్వాతా తీసిన ఆసిలోస్కోపు బొమ్మలతో రెండు పేజీల రిపోర్టు రాస్తుంది. సీనియర్ దాన్ని చదివి మూడుచోట్ల ప్రశ్నలు వేస్తారు. మళ్ళీ రాస్తుంది.

ఆ రెండు పేజీలూ, ఆ మూడు ప్రశ్నలూ ఆమె 540 ఇచ్చి కొన్నదాంట్లో ముఖ్యమైన భాగం. తర్వాత ఏ ఇంటర్వ్యూలోనైనా "మీరు పరిష్కరించిన ఒక సమస్య చెప్పండి" అంటే ఆమె దగ్గర జరిగిన విషయం ఉంటుంది. ఎదుటివాళ్ళు "మరి కెపాసిటర్ కాకుండా రెగ్యులేటర్ తప్పు కాదని ఎలా తేల్చారు?" అని లోతుకు వెళ్ళినా ఆమె తడబడదు, ఎందుకంటే అదే ప్రశ్న సీనియర్ ఎప్పుడో అడిగేశారు. కోర్సు చేసి వచ్చినవాళ్ళు ఇక్కడే ఆగిపోతారు. కోర్సులో ఇచ్చే ప్రాజెక్టులు పనిచేసేలా ముందే సర్దిపెట్టి ఉంటాయి. చెడిపోయిన దాన్ని ఎందుకు చెడిందో కనిపెట్టే అవకాశం అందులో తక్కువ. ఒకే కోర్సు చేసిన పదిమంది రెజ్యూమెల్లో ఒకే ప్రాజెక్టు ఉండటం ఇంటర్వ్యూ చేసేవాళ్ళు రోజూ చూసేదే.

మీ రంగం వేరైతే ఈ వివరాలు వేరుగా ఉంటాయి. అకౌంట్స్ అయితే నెలాఖరులో బ్యాంకు స్టేట్‌మెంటుకూ పుస్తకాలకూ పొత్తు కుదరని చోట తేడా ఎక్కడుందో పట్టుకోవడం, సాఫ్ట్‌వేర్ అయితే వేరొకరు రాసిన పాత కోడ్‌లో బగ్ వెతికి, రివ్యూ దాటి, నిజమైన వాడకందారుల దగ్గరికి చేర్చడం. ఇంట్లో చెప్పేటప్పుడు ఈ స్థాయిలో చెప్పండి. అమ్మకు కెపాసిటర్ అంటే తెలియక్కర్లేదు. "చెడిపోయిన బోర్డు ఎందుకు చెడిందో కనిపెట్టి, సరిచేసి, దాన్ని రాసి పెద్దవాళ్ళ చేత తప్పులు దిద్దించుకుంటాను" అంటే ఏ అమ్మకైనా అర్థమవుతుంది.

అది నిజంగా పనికొస్తుందనడానికి ఆధారం ఉందా

కొంత ఉంది. అమెరికాలో కొందరు ఆర్థికవేత్తలు కల్పిత రెజ్యూమెలను వేల సంఖ్యలో నిజమైన ఉద్యోగ ప్రకటనలకు పంపి చూశారు. ఆ అధ్యయనం 2016లో అచ్చయింది. మిగతావన్నీ సమానంగా ఉన్నప్పుడు, చదువుకునే రోజుల్లో ఇంటర్న్‌షిప్ చేసినట్టు రాసిన రెజ్యూమెలకు ఇంటర్వ్యూ పిలుపులు సుమారు 14 శాతం ఎక్కువ వచ్చాయి. విచిత్రం ఏమిటంటే, వ్యాపార రంగంలోని ఆ ఉద్యోగాలకు వ్యాపార సంబంధమైన డిగ్రీ ఉండటం వల్ల అదనంగా పెద్దగా ఒరిగింది లేదు.

ఈ 14 శాతాన్ని ఇంట్లో ఉన్నదున్నట్టే చెప్పండి. వంద దరఖాస్తులకు పది పిలుపులు వచ్చేవాళ్ళకు పదకొండు వస్తాయన్నమాట, అంతకంటే అద్భుతం కాదు. పైగా అది కాగితం మీది ఒక్క వాక్యం చేసిన పని. రెండు పేజీల రిపోర్టు బలం పిలుపు వచ్చాక, ఇంటర్వ్యూ గదిలో తెలుస్తుంది. దాన్ని ఆ అధ్యయనం కొలవలేదు.

ఇంకొకటి కూడా తెలుసుకోవాలి. అమెరికాలోనే కాలేజీలూ కంపెనీలూ కలిసి నడిపే నేషనల్ అసోసియేషన్ ఆఫ్ కాలేజెస్ అండ్ ఎంప్లాయర్స్ సర్వేల్లో, డబ్బు ఇచ్చే ఇంటర్న్‌షిప్ చేసినవాళ్ళకు సగటున వచ్చిన ఉద్యోగ ఆఫర్లు, పైసా ఇవ్వని ఇంటర్న్‌షిప్ చేసినవాళ్ళకంటే ఎక్కువ. కారణం డబ్బేనని దీన్నిబట్టి తేల్చలేం. డబ్బు ఇచ్చే కంపెనీలు ముందే మంచి అభ్యర్థులను ఏరుకుంటాయేమో. కానీ నాకు కనిపించే సంగతి ఒకటుంది. కొంచెమైనా డబ్బు ఇచ్చే కంపెనీ ఆ మనిషి సమయాన్ని లెక్కలో పెట్టుకుంటుంది, చేతిలో పని పెడుతుంది. ఏమీ ఇవ్వని చోట ఇంటర్న్ రోజంతా ఖాళీగా కూర్చున్నా ఎవరికీ నష్టం లేదు. అందుకే తక్కువ స్టైపెండ్‌నూ సున్నా స్టైపెండ్‌నూ ఒకే గాటన కట్టొద్దు. నేను ఈ వ్యాసమంతా మాట్లాడుతున్నది మొదటిదాని గురించే.

అమ్మానాన్నల ప్రశ్నలు

"చవగ్గా పని చేయించుకుని వదిలేస్తారు." ఇది మొదట వచ్చే అనుమానం, న్యాయమైనది కూడా. దీనికి జవాబు మీ ధీమాతో చెప్పేది కాదు, కంపెనీని అడిగి తెచ్చుకునేది. చేరకముందే మూడు సంగతులు అడగండి: మొదటి నాలుగు వారాలు నేను ఏం చేస్తాను, నా పనిని ఎవరు చూసి దిద్దుతారు, పోయినసారి ఇంటర్న్‌లు ఎంతమంది, వాళ్ళిప్పుడు ఎక్కడున్నారు. మంచి చోట ఈ జవాబులు తడుముకోకుండా వస్తాయి, వీలైతే పాత ఇంటర్న్ ఒకరితో మాట్లాడిస్తారు కూడా. "వచ్చాక చూద్దాం, అన్నీ నేర్చుకోవచ్చు" అన్న జవాబు వస్తే మీ నాన్న అనుమానమే నిజం కావచ్చు. పనిని ఫలానా మనిషి దిద్దుతారని చెప్పలేని చోట స్టైపెండ్ ఎక్కువైనా వెళ్ళొద్దని నా సలహా. నేర్చుకోవడం జరిగేది ఆ దిద్దుబాటులోనే.

"ఆరు నెలలయ్యాక ఉద్యోగం ఇస్తారని గ్యారంటీ ఏంటి?" గ్యారంటీ లేదు. ఉందని ఎవరైనా నోటిమాటగా చెప్పినా దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు. ఈ ప్రశ్న దగ్గర చాలామంది పిల్లలు "తప్పకుండా తీసుకుంటారు నాన్నా" అనేస్తారు. ఆ మాటకు ఆరు నెలల తర్వాత జవాబు చెప్పాల్సింది వాళ్ళే. బదులుగా ఇలా చెప్పొచ్చు: "అక్కడే తీసుకుంటారని నేను అనుకోవట్లేదు నాన్నా. నాలుగో నెల నుంచే బయట అప్లై చేస్తాను. అప్పటికి చూపించడానికి నా దగ్గర రెండు మూడు పనులుంటాయి. ఆరో నెల అయ్యాక ఇంకో మూడు నెలలు చూస్తాను. అప్పటికీ దొరక్కపోతే సపోర్ట్ ఉద్యోగంలో చేరతాను." ఆ తేదీని కాగితం మీద రాసి ఇవ్వండి. తల్లిదండ్రులను ఎక్కువగా భయపెట్టేది తక్కువ జీతం కాదు, అది ఎప్పటికి ఆగుతుందో తెలియకపోవడం.

"మన పరిస్థితి తెలుసుగా, డబ్బులెక్కడివి?" ఇక్కడ వాదించకూడదు. చేతిలో ఉండాల్సిన డబ్బు ఎంతో చూడండి. నెలకు 40 చొప్పున ఆరు నెలలకు తక్కువ పడే 240 ఒకటి. మొదటి స్టైపెండ్ నెలాఖరుకో ఆ తర్వాతో వస్తుంది, గదికి అడ్వాన్సు కట్టాలి, అందుకని ఇంకో 100. తర్వాత ఉద్యోగం వెతికే 3 నెలలకు 300. మొత్తం 640. ఇంత డబ్బు అప్పు చేయకుండా సర్దగలిగితే వెళ్ళొచ్చు. దీనికోసం ఎక్కువ వడ్డీకి అప్పు తేవాల్సి వస్తే, పైన చెప్పిన 8 నెలలు, 14 నెలల లెక్కలన్నీ వడ్డీతో సాగిపోతాయి. అప్పుడు నేను ఉద్యోగం వైపే మొగ్గుతాను. మధ్యదారి ఒకటుంది. ముందు ఒక సంవత్సరం సపోర్ట్ ఉద్యోగం చేస్తే నెలకు 50 చొప్పున 600 మిగులుతుంది, ఇంకో 40 సర్దుకుంటే దాంతో ఇంటర్న్‌షిప్‌కి వెళ్ళొచ్చు. ఇందులో కష్టం ఏమిటంటే, చాలా కంపెనీలు ఇంటర్న్‌లుగా చదువుతున్నవాళ్ళనో అప్పుడే పూర్తిచేసినవాళ్ళనో తీసుకుంటాయి. ఏడాది ఖాళీ వస్తే తలుపులు కొన్ని మూసుకుంటాయి. మీ రంగంలో ఆ ఖాళీని ఎలా చూస్తారో ముందే కనుక్కోవాలి.

స్టైపెండ్ కొంచెం పెంచమని అడగొచ్చా అంటే, అడగొచ్చు. డబ్బు పెంచకపోయినా మధ్యాహ్నం భోజనమో ప్రయాణ ఖర్చో భరించడం, వారంలో రెండు రోజులు ఇంటి నుంచి పనిచేయనివ్వడం లాంటివి చిన్న కంపెనీలు తరచుగా ఒప్పుకుంటాయి. అలా నెలకు 15 మిగిలినా 240 కాస్తా 150 అవుతుంది.

"పక్కింటివాళ్ళ అబ్బాయి అప్పుడే సంపాదిస్తున్నాడు." దీనికి లెక్కతో జవాబు లేదు. ఆ అబ్బాయి జీతం మీద మీరు వాదించినకొద్దీ మాట పెరుగుతుంది. అడిగినవాళ్ళకు చెప్పుకోవడానికి అమ్మానాన్నలకు ఒక వాక్యం కావాలి, అంతే. "ఫలానా కంపెనీలో బోర్డు డిజైన్ నేర్చుకుంటోంది, ఫలానా నెల దాకా" అన్న వాక్యం వాళ్ళకు ఇవ్వండి. "ఏదో ఇంటర్న్‌షిప్ అట" అని చెప్పుకోవాల్సి రావడమే వాళ్ళకు ఇబ్బంది.

పనివేళలు, రాత్రి తిరిగొచ్చే దారి, గది ఎక్కడ అన్న ప్రశ్నలకు తేలిగ్గా జవాబు దొరుకుతుంది. ఒకసారి అమ్మనో నాన్ననో వెంటబెట్టుకెళ్ళి ఆఫీసు ఉన్న వీధి, గది చూపించండి. ఫోన్లో పది రోజులు చెప్పినా తీరని టెన్షన్ ఒక్క పూటలో తగ్గుతుంది.

ఈ గుర్తులు కనిపిస్తే అమ్మానాన్నల మాటే వినండి

ఇంటర్న్‌షిప్ పేరుతో మీ దగ్గరే డబ్బు అడిగితే, అది డిపాజిట్ అన్నా ట్రైనింగ్ ఫీజు అన్నా, అక్కడితో ఆపేయాలి. ఒరిజినల్ సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకుంటామంటే ఇవ్వొద్దు. చూపించి, కాపీ ఇచ్చి, ఒరిజినల్ తెచ్చుకోవాలి. స్టైపెండ్ ఎంత, ఏ తేదీన ఇస్తారు, ఎప్పుడు మొదలు, ఎప్పుడు ముగింపు అన్నవి ఈమెయిల్లోనైనా రాసి ఇవ్వనివాళ్ళు, తర్వాత వాటిని మార్చడానికి దారి ఉంచుకుంటున్నారన్నమాట. మధ్యలో మానేస్తే డబ్బు కట్టాలన్న బాండు ఉంటే సంతకం చేసేముందు చదివించుకోండి. తక్కువ స్టైపెండ్ ఇస్తూ బాండు కూడా అడిగే చోటికి నేనైతే పంపను.

చేరిన తర్వాత తెలిసే గుర్తులు వేరు. ఆరో వారం చివర ఒక గంట కూర్చుని రాసుకోండి: ఈ ఆరు వారాల్లో నేను చేసిన పని ఏది, దాన్ని ఎవరు చూశారు, ఏం దిద్దారు. రెండు మూడు వాక్యాలకు మించి రాయలేకపోతే, సీనియర్‌ని కలిసి ఫలానా పని ఇవ్వమని అడగాలి. గట్టిగా కాదు, పేరు పెట్టి అడగాలి: "వచ్చే బ్యాచ్ బోర్డుల బ్రింగప్ నేను చేస్తాను, రిపోర్టు మీరు చూస్తారా?" అని. ఇంకో మూడు వారాలు చూసినా మార్పు లేకపోతే, డేటా ఎక్కించడమూ ఫైళ్ళు సర్దడమూ తప్ప మరేమీ చేతికి రాకపోతే, బయటపడటమే లాభం. తొమ్మిదో వారంలో మానేస్తే పోయేది 540లో మూడో వంతుకు కొంచెం ఎక్కువ. ఆరు నెలలు కూర్చుంటే మొత్తం పోతుంది. ఈ ఆరో వారం తనిఖీ సంగతి ఇంట్లో ముందే చెప్పి పెట్టండి. మధ్యలో మానేసి వచ్చినా అప్పుడు అది ఓటమిలా కనిపించదు, అనుకున్న ప్రకారమే జరిగినట్టు ఉంటుంది.

చివర్లో ఎదురయ్యే చిక్కు ఇంకొకటుంది. ఆరు నెలలు కాగానే "పని బాగుంది, ఇంకో మూడు నెలలు ఇలాగే చూద్దాం" అంటారు. పొడిగింపు ఎప్పుడూ చెడ్డదని కాదు. చేతిలో ఉన్న బోర్డు ఇంకో నెలలో పూర్తయి, మీ పేరుతో బయటికి వెళ్తుందంటే ఆ నెల ఉండొచ్చు. కానీ పాత స్టైపెండ్‌తో, పాత పనితో మూడు నెలలంటే ఒప్పుకోవాల్సిన పనిలేదు. అప్పటికి మీకు బ్రింగప్ చేయడం, లోపం కనిపెట్టడం వచ్చు. కొత్తగా నేర్చుకునేది తగ్గిపోయింది, కంపెనీకి మీవల్ల జరిగే పని పెరిగింది. కాబట్టి "ఉద్యోగిగా తీసుకుంటే ఉంటాను, లేకపోతే ఫలానా తేదీ వరకే" అని మర్యాదగా చెప్పొచ్చు. చెప్పడానికి ధైర్యం రావాలంటే బయట నుంచి కనీసం ఒక ఇంటర్వ్యూ పిలుపైనా చేతిలో ఉండాలి. నాలుగో నెలలోనే అప్లై చేయడం మొదలుపెట్టమన్నది అందుకే. వెళ్ళేముందు చేసిన పనులేమిటో వివరంగా రాసిన లెటర్, ఫోన్ చేస్తే మీ గురించి మాట్లాడే ఒక సీనియర్ పేరు తీసుకోండి. "ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు పనిచేశారు" అని మాత్రమే ఉన్న సర్టిఫికెట్ ఇస్తే, అందులో బ్రింగప్, లోపాల విశ్లేషణ, రిపోర్టు అన్న మాటలు చేర్చమని అడగండి. అవి మీరు నిజంగా చేసిన పనులే కాబట్టి ఎవరూ కాదనరు.